ఉద్దెర పద్దులు యాప్‌లో ఎందుకు ఆగిపోయాయి: ఒక యూజర్ రీసెర్చ్ స్టడీ, మనుషుల ఎంపిక నుంచి చెల్లింపు దాకా

కిరాణా షాపుల ఉద్దెర లెక్కలు రాసుకునే యాప్ ఒకటి నడిపే కంపెనీ మా టీమ్ దగ్గరికి వచ్చింది. వాళ్ల సమస్య ఇదీ: యాప్ దించుకున్న షాపువాళ్లు మొదటి రెండు మూడు వారాలు పద్దులు బాగానే రాస్తున్నారు, తర్వాత ఆపేస్తున్నారు, అయినా యాప్‌ని మాత్రం ఫోన్లోంచి తీసెయ్యట్లేదు. షాపువాళ్లకి యాప్ వాడటం తెలియట్లేదని కంపెనీవాళ్ల నమ్మకం. తెలుగులో ట్రైనింగ్ వీడియోలు తీయించడానికి బడ్జెట్ కూడా పక్కన పెట్టేసుకున్నారు. ఆ డబ్బు ఖర్చు పెట్టేముందు షాపువాళ్లతో మాట్లాడి ఒకసారి నిర్ధారించుకుందాం అన్నారు.

హైదరాబాద్‌లో షాపులకే వెళ్లి చేసే ఇంటర్వ్యూలు 12, గుంటూరులో గ్రూప్ డిస్కషన్లు 2, ఇదీ ప్లాన్. ఇంటర్వ్యూ అంటే గంటసేపు ఒక్కరితోనే మాట్లాడటం. గ్రూప్ అంటే ఆరేడుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి గంటన్నర, రెండు గంటలు మాట్లాడించడం. రెండింటికీ వచ్చినవాళ్లకి డబ్బు ఇస్తాం. ఈ స్టడీలో నేను రాయాలనుకున్నది రిపోర్టు గురించి కంటే ఆ రిపోర్టు నిజం కావడానికి దారిలో ఏం చేయాల్సి వచ్చిందనే దాని గురించి, ఎందుకంటే మొదటి నాలుగు ఇంటర్వ్యూలు చూసి ఆగిపోయి ఉంటే కంపెనీవాళ్ల నమ్మకమే నిజమని రాసిచ్చేవాళ్లం.

స్క్రీనర్‌లో ఏం అడిగాం, ఎందుకు అడిగాం

ఎవరిని పిలవాలో తేల్చే చిన్న ప్రశ్నపత్రాన్ని స్క్రీనర్ అంటాం. ఫోన్లో అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని రాసేటప్పుడు నేను పట్టుకునే సూత్రం ఒక్కటే. ఏ జవాబు చెబితే ఎంపికవుతారో ప్రశ్న వింటే తెలియకూడదు. "మీరు ఉద్దెర యాప్ వాడతారా?" అని అడిగామనుకోండి, డబ్బిస్తారని విన్న మనిషి అవును అనే అంటాడు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, ప్రశ్నే అలా ఉంది.

కాబట్టి ఇలా అడిగాం. పోయిన వారంలో మీ షాపులో ఉద్దెర ఎంతమందికి ఇచ్చారు? చివరిసారి ఇచ్చినప్పుడు దాన్ని ఎక్కడ రాసుకున్నారు? ఈ రెండో ప్రశ్నకి నోటుబుక్కు, క్యాలెండర్ వెనకవైపు, ఫోన్లో నోట్స్, యాప్, ఎక్కడా రాయలేదు గుర్తుంటుంది, ఇవన్నీ వరసగా చదివి వినిపిస్తాం. ఏది సరైనదో వినేవాళ్లకి తెలియదు. తర్వాత కొన్ని యాప్‌ల పేర్లు చదివి వీటిలో మీ ఫోన్లో ఉన్నవి చెప్పమంటాం, అందులో ఒకటి మేమే కల్పించిన పేరు, అలాంటి యాప్ లోకంలో లేదు. అది తన ఫోన్లో ఉందని ఎవరైనా చెబితే మిగతా జవాబుల్ని కూడా ఇంకోసారి చూసుకోవాలి. ఒక్కదానికే కొట్టిపారెయ్యం, పేర్లు ఒకేలా ఉండి నిజంగా పొరపాటుపడేవాళ్లు ఉంటారు.

ఇవి కాక ప్రతి స్టడీలోనూ ఉండేవి రెండు. ఇంట్లో ఎవరైనా యాడ్ ఏజెన్సీలో, మార్కెట్ రీసెర్చ్‌లో, పోటీ కంపెనీలో పనిచేస్తున్నారా అన్నది ఒకటి. గత 6 నెలల్లో ఇలాంటి స్టడీ దేనికైనా వెళ్లారా అన్నది రెండోది. ఈ రెండోది చాలామందికి అన్యాయంగా అనిపిస్తుంది, పోయినసారి బాగా చెప్పాం కదా మళ్లీ ఎందుకు పిలవరు అని అడుగుతారు. కారణం ఏంటంటే రెండు మూడుసార్లు వచ్చిన మనిషికి మాకేం కావాలో తెలిసిపోతుంది, యాప్ చూడగానే "ఈ బటన్ రంగు బాగాలేదు" అని డిజైనర్ లాగా మాట్లాడటం మొదలుపెడతాడు, తన షాపులో నిన్న ఏం జరిగిందో చెప్పడు.

చివర్లో ఒక ప్రశ్నకి మాత్రం ఆప్షన్లు ఇవ్వం: ఉద్దెర తిరిగి రాని సంగతి ఏదైనా ఉంటే చెప్పండి. రెండు వాక్యాలైనా చెప్పగలిగిన మనిషి గంటసేపు మాట్లాడగలడు. "అట్లాంటివి ఏం లేవ్" అని ఆపేస్తే షాపులో కూర్చున్నా మాటలు రావడం కష్టం.

ఇళ్లలోవాళ్లని అడిగే పెద్ద సర్వేల్లో అయితే ఇంట్లో ముఖ్య సంపాదనపరుడి చదువు, ఫ్రిజ్, ఏసీ, కారు లాంటి 11 వస్తువుల్లో ఇంట్లో ఎన్ని ఉన్నాయి అని అడిగి, ఆ ఇల్లు ఏ ఆర్థిక తరగతిలోకి వస్తుందో లెక్క కడతారు. మనదేశంలో మార్కెట్ రీసెర్చ్ వాళ్లు ఏళ్లుగా వాడుతూ వచ్చిన లెక్క అది. "ఏసీ ఉందా" అని ఎవరో ఫోన్లో అడిగితే చాలామందికి ఒళ్లుమండుతుంది గానీ దాని వెనక ఉన్నది ఇంతే. మాకు షాపు సైజు, రోజుకి వచ్చే జనం చాలు కాబట్టి దాన్ని వదిలేశాం.

మొదటి నాలుగు ఇంటర్వ్యూలు

మాకు కావలసినవాళ్లు మూడు రకాలు. ఇప్పుడు కూడా యాప్‌లో రాస్తున్నవాళ్లు ముగ్గురు, రాసి ఆపేసినవాళ్లు ఏడుగురు, అసలు మొదలుపెట్టనివాళ్లు ఇద్దరు. మనుషుల్ని వెతికే పని మేమే చేయం, ఏరియాల్లో పరిచయాలున్న రిక్రూటర్లకి ఇస్తాం, ఒక్కో మనిషికి ఇంత అని వాళ్ల ఫీజు విడిగా ఉంటుంది. ఇక్కడే చిక్కు వచ్చింది.

మొదటి నలుగురూ "ఆపేసినవాళ్లు" అన్న కోటాలోనే వచ్చారు. నలుగురూ దాదాపు ఒకే మాటలు చెప్పారు. యాప్ చాలా ఉపయోగకరం, టైమ్ సేవ్ అవుతుంది, కాకపోతే ఇంగ్లీషులో ఉండటం వల్ల అర్థంకాక ఆపేశాం. కంపెనీవాళ్లు పక్కనుంచి వింటుంటే మొహాలు వెలిగిపోయాయి, ఎందుకంటే వాళ్లు అనుకున్నది అదే. నాకు మాత్రం రెండు విషయాలు తేడాగా కనిపించాయి. ఒకటి, ఆ యాప్‌లో తెలుగు ఉంది, మొదటిసారి తెరవగానే భాష ఎంచుకోమని అడుగుతుంది. రెండోది, నలుగురూ "టైమ్ సేవ్" అన్నారు గానీ ఏ టైములో, ఏ పనిలో అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నిజంగా వాడిన మనిషికి చిన్నచిన్న వివరాలు తోసుకొస్తాయి, పలానా బాబూరావుగారి పద్దు రెండుసార్లు ఎక్కిందనో, వేలు జారి 500కి 5000 పడిందనో ఏదో ఒకటి చెబుతాడు.

నాలుగో షాపులో యాప్ తీసి చివరి పద్దు చూపిస్తారా అని అడిగాను. ఆయన మొహమాటపడుతూనే ఫోన్ ఇచ్చాడు. అందులో మొత్తం మూడు పద్దులు ఉన్నాయి, మూడూ ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పది నిమిషాల్లో రాసినవి, కస్టమర్ల పేర్లు ఏ, బి, సి. నేనేమీ అనకముందే ఆయనే చెప్పేశాడు. "మొన్న ఫోన్ చేసినాయన వాడుతుండె, ఇంగ్లీషు అర్థంగాక బంద్ పెట్టిన అని చెప్పమన్నడు మేడమ్. కంపెనీకి అట్లనే గావాలె అన్నడు."

ఆయన్ని తప్పుపట్టలేం. ఇంటర్వ్యూని పావుగంటలో ముగించి, ఇస్తామన్న 1000 రూపాయలు పూర్తిగా ఇచ్చాం. మధ్యలో ఆపింది మేం, ఆయన టైమ్ అయితే ఇచ్చాడు కదా. ఆ నాలుగు ఇంటర్వ్యూలనూ లెక్కలోంచి తీసేసి, ఎందుకు తీశామో కంపెనీకి రాసిచ్చాం. వాళ్లకి ఇది నచ్చలేదు, ఒక వారం ఆలస్యం, పైన ఖర్చు. కానీ ఆ నలుగురి మాటల మీద వీడియోలకి డబ్బు పెడితే పోయేది అంతకంటే ఎక్కువ.

రిక్రూటర్ వైపు నుంచి చూస్తే ఇది ఎందుకు జరుగుతుందో తెలుస్తుంది. ఎన్ని సీట్లు నింపితే అంత ఫీజు. "ఆపేసినవాళ్లు" దొరకడం కష్టం, ఎందుకంటే ఏదైనా ఆపేశామని ఎవరూ బోర్డు పెట్టుకోరు. దొరకనప్పుడు దొరికిన మనిషికే జవాబులు నేర్పడం సులువు. అందుకని పద్ధతి మార్చాం. ఎవరు ఎంపికవుతారో రిక్రూటర్‌కి చెప్పలేదు. ఆయన అందరి జవాబులూ రాసి పంపుతాడు, ఎంపిక మేం చేస్తాం, ఫీజు ప్రశ్నపత్రం నింపినందుకూ, మేం సరిచూసిన మనిషి ఇంటర్వ్యూకి కూర్చున్నందుకూ రెండు భాగాలుగా ఇస్తాం. రిక్రూటర్ కాకుండా మా టీమ్‌లో ఇంకొకరు ఫోన్ చేసి అవే ప్రశ్నల్ని వరస మార్చి మళ్లీ అడుగుతారు. నేర్పిన జవాబులు వరస మారితే తడబడతాయి.

ఎంత ఇచ్చాం, మామూలుగా ఎంత ఇస్తారు

షాపులో గంట ఇంటర్వ్యూకి 1000, గుంటూరు గ్రూపుకి దారి ఖర్చులతో కలిపి 1500. మనదగ్గర మామూలు వినియోగదారులకి గంట ఇంటర్వ్యూకి 500 నుంచి 1500 వరకు, రెండు గంటల గ్రూపుకి 1000 నుంచి 2000 వరకు ఇవ్వడం నేను ఎక్కువగా చూసింది. డాక్టర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఫ్యాక్టరీ యజమానులు లాంటివాళ్లకి ఇది చాలా రెట్లు పెరుగుతుంది, వాళ్లు ఇచ్చే గంట విలువ వేరు, దొరకడమూ కష్టమే. అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను, అక్కడ మామూలు వినియోగదారులకి గంటకి 50 నుంచి 100 డాలర్లు, ప్రత్యేక వృత్తులవాళ్లకి 100 నుంచి 200 డాలర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఎవరూ ఎదురుగా లేకుండా వెబ్‌సైట్ చూస్తూ మాట్లాడి రికార్డ్ చేసే ఇరవై నిమిషాల టెస్టులకి 10 డాలర్ల దగ్గర మొదలవుతుంది. ఎక్కడైనా దీన్ని నెల జీతంలా లెక్కేసుకోకూడదు. స్క్రీనర్లు ఎన్నో నింపితే ఒకదానికి పిలుపు వస్తుంది, స్క్రీనర్ నింపినందుకు మామూలుగా ఏమీ రాదు.

అంకె ఎలా పెడతామంటే, ఆ గంటలో ఆ మనిషి పోగొట్టుకునేదానికి కొంచెం పైన. కిరాణా షాపుకి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా జనం తక్కువ, అందుకే ఆ టైమ్ పెట్టుకుని 1000 అన్నాం. ఇదే సాయంత్రం ఏడింటికి రమ్మంటే 3000 ఇచ్చినా కుదరదు. మరీ తక్కువ ఇస్తే ఖాళీగా ఉన్నవాళ్లే వస్తారు, బిజీ షాపుల సంగతి మనకి తెలియదు. మరీ ఎక్కువ ఇస్తే షాపు లేనివాళ్లు కూడా షాపుందని చెప్పడం మొదలుపెడతారు. గ్రూపులకి రానివాళ్లు ఎలాగూ ఒకరిద్దరు ఉంటారు, అందుకని ఏడుగురు కావాలంటే తొమ్మిదిమందిని పిలుస్తాం, అందరూ వచ్చేస్తే మిగిలిన ఇద్దరికీ డబ్బు ఇచ్చి పంపించేస్తాం. మీరు వెళ్లినప్పుడు ఇలా వెనక్కి పంపితే కంగారుపడక్కర్లేదు, డబ్బు మాత్రం అడిగి తీసుకోండి.

ఇంకో మాట. నిజమైన స్టడీలో డబ్బు మావైపు నుంచి మీవైపే వస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజనో, డిపాజిట్ అనో, ముందు ఈ లింకులో కొంత కట్టండి తర్వాత రెట్టింపు వస్తుందనో ఎవరైనా అంటే అది మోసం. ఓటీపీ అడిగే పని మాకు లేదు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరమే లేదు, పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి తీసుకుంటున్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు

కొత్త పద్ధతిలో దొరికిన మనుషులతో మాట మొదలుపెట్టేముందు ప్రతిచోటా మూడు సంగతులు చెప్పాను. ఈ యాప్ నేను చేసింది కాదు, తిట్టినా నాకేం బాధలేదు. డబ్బు మీ గంటకి, మీరేం చెప్పినా అంతే వస్తుంది. ఇష్టంలేని ప్రశ్న వదిలెయ్యొచ్చు, మధ్యలో లేచి వెళ్లినా డబ్బు వస్తుంది. తర్వాత రికార్డింగ్‌కి ఒప్పుకుంటున్నట్టు సంతకం. ఉద్దెర పుస్తకం చూపించమన్నప్పుడు ఒక చిన్న జాగ్రత్త కూడా తీసుకున్నాం. అందులో ఉన్న పేర్లు, నంబర్లు వీధిలోవాళ్లవి, ఒప్పుకున్నది షాపాయన గానీ వాళ్లు కాదు. అందుకని పేర్ల గడి మీద ఒక అట్టముక్క పెట్టి, అంకెలూ తేదీలూ మాత్రమే ఫోటో తీశాం.

బోరబండలో ఒక షాపులో ఆ ఫోటో తీస్తుంటేనే అసలు విషయం బయటపడింది. యాప్‌లో ఉన్న పద్దులన్నీ వెయ్యికి పైనవి. పుస్తకంలో ఉన్నవి 28, 40, 65, 110. ఆపేసినట్టు లెక్కకొచ్చిన మనిషి పెద్ద ఉద్దెర అప్పుడప్పుడు యాప్‌లోనే రాస్తున్నాడు, చిన్నవి మాత్రం పుస్తకానికి తిరిగొచ్చాయి. ఎందుకని అడిగితే కాసేపు ఆగి చెప్పాడు. "ఇండ్ల రాస్తే వాళ్ల ఫోనుకి మెసేజ్ పోతది మేడమ్. ఎన్కగల్లీ ముసలామె పొద్దుగాల పాల ప్యాకెట్ తీస్కపోయింది. ఆమె ఇంటికి చేరకముందే 28 రూపాయలు బాకీ ఉన్నవని మెసేజ్ పోతే ఏమనుకుంటది? ఆమె కొడుకు వచ్చి అడిగిండు, మా అమ్మ మీద నమ్మకం లేదా అన్నా అని."

పద్దు రాయగానే కస్టమర్‌కి తనంతట తానే మెసేజ్ పోయేలా యాప్‌ని కట్టారు. కంపెనీ దాన్ని తమ గొప్ప ఫీచర్‌గా చెప్పుకునేది. షాపువాళ్లకి అది పెద్ద బాకీలప్పుడు పనికొచ్చేది, రోజూ వచ్చే చిన్న బాకీలప్పుడు పరువు తీసేది. తర్వాతి ఇంటర్వ్యూల్లో నేను మెసేజ్ ఊసెత్తలేదు, చివరిసారి యాప్‌లో రాసిన రోజు, మానేసిన రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆపేసిన ఏడుగురిలో అయిదుగురు తమంతట తామే మెసేజ్ దగ్గరికి వచ్చారు. మిగతా ఇద్దరి కారణం సాయంత్రం రద్దీ. కౌంటర్ ముందు అయిదుగురు నిలబడి ఉంటే ఫోన్ తెరిచి పేరు వెతికే తీరిక ఉండదు, పుస్తకంలో అయితే ఒక గీత, ఒక అంకె. యాప్ అర్థం కాలేదని వాళ్లలో ఒక్కరూ అనలేదు.

ఇది మొదటి నలుగురి నోటి నుంచి ఎందుకు రాలేదంటే వాళ్లకి అది తెలియదు. వాడనివాళ్లు ఊహించి చెప్పగలిగింది ఎవరైనా ఊహించగలిగిందే, భాష, టైమ్, సులువు. మెసేజ్ వల్ల కొడుకు వచ్చి అడగడం ఊహకి అందేది కాదు, జరిగినవాళ్లే చెప్పాలి. మంచి జవాబు చెప్పాలన్న తాపత్రయంతో వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఇదే: "నేను వాడలేదండీ" అన్న మాట మాకు చాలా విలువైనది, ఆ మాటకి కూడా అదే ఫీజు.

గుంటూరు గ్రూపు

గ్రూపులో సమస్య వేరే రకం. అక్కడ అబద్ధం చెప్పమని ఎవరూ నేర్పక్కర్లేదు, పక్కన కూర్చున్న మనిషే చాలు. మొదటి గ్రూపులో ఏడుగురు వచ్చారు. అరువు గురించి అడగ్గానే పెద్దాయన ఒకరు "మా కొట్లో అరువు పెద్దగా ఉండదండీ, అంతా నగదే" అన్నారు. ఆయన అన్నాక మిగతావాళ్లు కూడా తలలూపారు. బాకీలు పేరుకున్నాయంటే వ్యాపారం చేతకాదని పక్క కొట్టువాడు అనుకుంటాడు కదా.

అప్పుడు తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయకుండా మీకు ఇప్పుడు బయట రావలసింది ఎంతో ఒక్క అంకె రాసి మడిచి డబ్బాలో వెయ్యమన్నాం. చీటీలు విప్పి ఒక్కొక్కటీ పైకి చదివాను. అన్నిటికంటే తక్కువది 12,000. ఎక్కువది 85,000. గదిలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, తర్వాత మాటలు ఆగలేదు, "అంతా నగదే" అన్న పెద్దాయనే మేనల్లుడి పద్దు ఎలా వసూలు చెయ్యలేకపోతున్నారో పది నిమిషాలు చెప్పారు. గ్రూపులు పెట్టేది ఇందుకే, ఒకరి అనుభవం ఇంకొకరి నోరు తెరిపిస్తుంది. కానీ డబ్బు, పరువు కలిసిన విషయాల్లో ముందు చీటీయో, విడిగా ఇంటర్వ్యూయో లేకుండా గ్రూపు మాట మీద ఆధారపడకూడదు. రెండో గ్రూపుకి ఒకే వీధివాళ్లు ఇద్దరు రాకుండా స్క్రీనర్‌లోనే చూసుకున్నాం.

కంపెనీ ఏం చేసింది

వీడియోల పని ఆపారు. మెసేజ్ ఎవరికి వెళ్లాలో ఒక్కో కస్టమర్‌కీ విడిగా పెట్టుకునే వీలు, రాత్రి షాపు కట్టేశాక ఆరోజు పద్దులన్నీ ఒకేసారి ఎక్కించే వీలు, ఈ రెండింటికీ నమూనా తయారుచేసి ఇచ్చారు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లలో అయిదుగురికి మళ్లీ చూపించాం, ఫీజు మళ్లీ ఇచ్చి. ఇక్కడ పాతవాళ్లనే పిలవడంలో తప్పులేదు, ముందు చెప్పిన సమస్య తీరిందో లేదో వాళ్లే చెప్పగలరు. నలుగురు మెసేజ్ ఆపే స్విచ్ దొరకగానే వాడారు. ఒకాయన స్విచ్ బాగుంది గానీ బంధువుల పద్దు మాత్రం పుస్తకంలోనే ఉంచుతానన్నాడు, ఫోన్ పిల్లల చేతిలో ఉంటుంది, ఎవరు ఎంత బాకీనో ఇంట్లో తెలియడం ఇష్టం లేదట. అది కూడా రిపోర్టులో అలాగే రాశాం.

రిపోర్టు మొదటి పేజీలో ఒక హద్దు కూడా రాశాం. ఏడుగురిలో అయిదుగురు మెసేజ్ గురించి చెప్పారంటే యాప్ ఆపేసినవాళ్లలో డెబ్బై శాతం మంది కారణం అదేనని అర్థం కాదు, ఇంత కొద్దిమంది మీద శాతాలు కట్టకూడదు. కారణం ఏమిటో ఇంటర్వ్యూ చెబుతుంది, అది ఎంతమందికి వర్తిస్తుందో యాప్ డేటా చెప్పాలి. అందుకని కంపెనీ డేటా టీమ్‌కి ఒక పని అప్పజెప్పాం: చిన్న పద్దుకి మెసేజ్ వెళ్లిన తర్వాత వారంలో పద్దులు తగ్గిన షాపులు ఎన్ని, మెసేజ్ వెళ్లనిచోట తగ్గినవి ఎన్ని, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడమని.